డ్యూరేషన్, కన్వెక్సిటీతో వేసిన ధరకీ అసలు ధరకీ 0.61 తేడా వస్తోంది. ఇది మామూలేనా?

వంశీ_రిస్క్

అందరికీ నమస్కారం. నేను రిస్క్ టీమ్‌లో చేరి ఎక్కువ కాలం కాలేదు. వడ్డీ రేట్లు మారితే మా దగ్గరున్న బాండ్ల ధర ఎంత మారుతుందో అంచనా వేసే ఎక్సెల్ షీట్ ఒకటి నా చేతికి వచ్చింది. దాన్ని ఎవరు తయారు చేశారో ఇప్పుడున్నవాళ్లకు తెలియదు, కానీ ప్రతి నెలా రిపోర్టు దాని మీదే వెళ్తోంది. ఈసారి పంపే ముందు సరిచూద్దామని బాగా తేలికైన బాండ్ ఒకటి పెట్టి చూశాను.

ముఖ విలువ 100, కూపన్ 6%, వడ్డీ ఏడాదికోసారి, మెచ్యూరిటీ సరిగ్గా 10 ఏళ్లు, యీల్డ్ కూడా 6%. కాబట్టి ధర 100. ఇప్పుడు యీల్డ్ 6 నుంచి 8 శాతానికి పెరిగిందనుకుందాం. షీట్ డ్యూరేషన్ 7.80 అనీ, కన్వెక్సిటీ 69.74 అనీ చూపిస్తోంది. డ్యూరేషన్ వల్ల 15.60 తగ్గుతుంది, కన్వెక్సిటీ వల్ల 2.79 వెనక్కి వస్తుంది, మొత్తం మీద 12.81 తగ్గి ధర 87.19 అవుతుందని దాని లెక్క. కానీ అవే వివరాలతో `PRICE` ఫంక్షన్ వేస్తే 86.58 వస్తోంది.

అంచనా అన్నాక కొంత తేడా ఉంటుందని మా సీనియర్ అంటున్నారు. అంచనా అని నాకూ తెలుసు. కానీ 100కి 0.61 అంటే పెద్ద పోర్ట్‌ఫోలియో మీద తక్కువ మొత్తం కాదు కదా. ఈ పద్ధతికి ఇంతకంటే దగ్గరగా వచ్చే శక్తి లేదా, లేక షీట్‌లోనే ఏదైనా తప్పుందా?

సుబ్బారావు_ఎస్

తప్పు నాకు కనిపించింది వంశీ గారూ. 7.80 అనేది మెకాలే డ్యూరేషన్. ధరలో మార్పు లెక్కకు అది పనికిరాదు. దాన్ని 1.06తో భాగించాలి, అప్పుడు 7.36 వస్తుంది. అదే మోడిఫైడ్ డ్యూరేషన్. మీ షీట్‌లో `DURATION` ఫంక్షన్ వాడి ఉంటారు, దాని బదులు `MDURATION` పెట్టండి. తేడా పోతుంది.

వంశీ_రిస్క్

థాంక్యూ సుబ్బారావు గారూ. మీరు చెప్పినట్టే అక్కడ `DURATION` ఉంది. మార్చాను, 7.36 వచ్చింది. కానీ తేడా తగ్గకపోగా పెరిగింది! ఇప్పుడు 14.72 తగ్గి, 2.79 కలిసి ధర 88.07 అంటోంది. అసలు ధర 86.58. అంటే 0.61 ఉన్న తేడా 1.49 అయింది. మరి పాతదే నయమా?

సుబ్బారావు_ఎస్

మోడిఫైడ్ డ్యూరేషనే సరైనది, అందులో నాకు అనుమానం లేదు. అయితే కన్వెక్సిటీ సంఖ్య తప్పయి ఉండాలి. ఎక్సెల్‌లో కన్వెక్సిటీకి రెడీమేడ్ ఫంక్షన్ లేదు కాబట్టి ఎవరో చేత్తో రాసి ఉంటారు. ఆ సెల్ చూడండి.

లలిత_ఏఎల్ఎం

కన్వెక్సిటీ సంఖ్య సరిగ్గానే ఉంది. ఈ బాండ్‌కి 69.74 రావాలి, అదే వచ్చింది. తప్పు దాన్ని వాడిన చోట ఉంది. దానికి ముందు వంశీ గారూ, ఒక పని చేయండి. పాత షీట్‌లో ఏమీ మార్చకుండా యీల్డ్‌ని 8కి కాకుండా 4 శాతానికి దించి చూడండి.

వంశీ_రిస్క్

చూశాను మేడమ్. పాత షీట్ 15.60, 2.79 రెండూ కలిపి 18.39 పెరుగుతుందంటోంది, అంటే 118.39. `PRICE` ఇచ్చింది 116.22. తేడా 2.17! రేట్లు పెరిగే వైపు 0.61 ఉన్నది తగ్గే వైపు ఇంత ఎలా అయింది?

లలిత_ఏఎల్ఎం

అందుకే రెండో వైపు చూడమన్నాను. షీట్‌లో రెండు తప్పులున్నాయి. రేట్లు పెరిగినప్పుడు అవి ఒకదానికొకటి ఎదురు పని చేస్తున్నాయి. మెకాలే వాడటం వల్ల తగ్గుదల ఎక్కువగా కనిపిస్తోంది, కన్వెక్సిటీ భాగం రెట్టింపు కావడం వల్ల ఆ తగ్గుదల మళ్లీ చిన్నదవుతోంది. చివరికి వచ్చిన సంఖ్య నిజానికి కాస్త దగ్గరగా కనిపిస్తోంది. రేట్లు తగ్గినప్పుడు రెండు తప్పులూ ఒకే వైపు తోస్తాయి, అందుకే 2.17. సుబ్బారావు గారు ఒక తప్పును సరిచేయించారు, దాన్ని ఇన్నాళ్లూ కప్పిపెట్టిన రెండో తప్పు అప్పుడు బయటపడింది. మీ షీట్‌ని ఎప్పుడూ ఒకే వైపు, బహుశా రేట్లు పెరిగే వైపే, సరిచూసి ఉంటారు.

రెండో తప్పు ఏమిటంటే, కన్వెక్సిటీ భాగానికి ముందు ఉండాల్సిన సగం లేదు. ఫార్ములా ఇలా ఉండాలి:

```
= -MD*dy + 0.5*CX*dy^2
```

`dy` దగ్గర 2 కాదు, 0.02 వేయాలి, వచ్చినదాన్ని ఇప్పటి ధరతో గుణిస్తే ధర ఎంత మారుతుందో తెలుస్తుంది. మీ సెల్‌లో 0.5 లేకుండా మిగతాదంతా ఉండి ఉంటుంది.

వంశీ_రిస్క్

అవును మేడమ్, 0.5 లేదు! పెట్టాక 8% దగ్గర 86.67, 4% దగ్గర 116.12 వచ్చాయి. అసలు ధరలు 86.58, 116.22. రెండు వైపులా తేడా 0.1 దగ్గరకు వచ్చేసింది.

ఒక్క మాట అడగనా? ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు మనసుకు ఎక్కలేదు. టేలర్ శ్రేణిలో రెండో పదానికి సగం ఉంటుందని చదివాను, కానీ రేపు సీనియర్ అడిగితే ఆ మాట చెప్పి ఒప్పించలేను.

లలిత_ఏఎల్ఎం

మీ బాండ్ సంఖ్యలతోనే చూద్దాం. 6% దగ్గర నిలబడి చూస్తే, యీల్డ్ 1% పెరిగితే ధర 7.36 తగ్గే వేగంలో ఉంది. గ్రాఫ్ మీద ఆ చోట వాలు అది. కానీ యీల్డ్ పెరుగుతున్న కొద్దీ ఆ వాలు అలాగే ఉండదు, మెల్లగా చదునవుతుంది. ఎంత చదునవుతుందో చెప్పేదే కన్వెక్సిటీ. 69.74 అంటే, యీల్డ్ 1% కదిలిన ప్రతిసారీ ఆ 7.36లోంచి సుమారు 0.70 తగ్గుతుందని అర్థం.

2% కదిలేసరికి 7.36 కాస్తా 5.97 అవుతుంది. మరి 6 నుంచి 8కి వెళ్లే దారి మొత్తానికి ఏ వేగం వాడాలి? మొదట్లో 7.36, చివర్లో 5.97, సగటు 6.66. దాన్ని 2తో గుణిస్తే 13.33. సరిదిద్దిన ఫార్ములా ఇచ్చిన తగ్గుదల సరిగ్గా అదే. సగం వేయకపోతే ఏమవుతుంది? దారి చివర ఉన్న 5.97 వేగాన్ని మొదటి అడుగు నుంచీ వాడినట్టవుతుంది. 5.97ని 2తో గుణించి చూడండి, సుమారు 11.93. ఇందాక మీకు 88.07 ఇచ్చిన తగ్గుదల అదే కదా.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కన్వెక్సిటీని పూర్తిగా వదిలేసి డ్యూరేషన్ ఒక్కటే వాడినా 14.72 వస్తుంది, అసలు తగ్గుదల 13.42, తేడా 1.30. సగం మరచిపోయి కన్వెక్సిటీ కలిపితే తేడా 1.49. అంటే సగం లేని కన్వెక్సిటీ కంటే అసలు కన్వెక్సిటీ లేకపోవడమే మేలు. నేను చూసిన షీట్లలో ఎక్కువసార్లు దొరికిన తప్పు ఇదే.

రేణుక_పి

ఇదంతా చదివాను. నాకు తెలియక అడుగుతున్నాను, బాండ్‌ని పదేళ్లూ ఉంచుకుంటే చివర్లో 100 ఎలాగూ వస్తుంది కదా. మధ్యలో 86 అయితే ఏంటి, 87 అయితే ఏంటి? రేట్లు పెరిగేలా ఉంటే ఇప్పుడే అమ్మేయాలా అనేది కదా అసలు ప్రశ్న?

సుబ్బారావు_ఎస్

రేణుక గారూ, వంశీ గారు అమ్మాలా వద్దా అని అడగట్లేదండి. ఆయన పని రేటు కదిలితే ఎంత నష్టం రావచ్చో ముందే లెక్కగట్టి రిపోర్టు పెట్టడం. చివరిదాకా ఉంచుకునేవాళ్లకు మధ్యలో ధర అంత ముఖ్యం కాకపోవచ్చు, నిజమే. కానీ రోజువారీ మార్కెట్ ధరతో లెక్కలు చూపాల్సినవాళ్లకు, మధ్యలో డబ్బు అవసరపడి అమ్మాల్సి రావచ్చు అనుకునేవాళ్లకు అదే ముఖ్యం.

లలిత గారూ, సగం సంగతి నేను చూడలేదు, బాగా చెప్పారు. కానీ నాదో సందేహం. అంతా సరిచేశాక కూడా ఈ 0.1 తేడా మిగిలింది కదా. అది రౌండింగ్ వల్లే అనుకుంటున్నాను. ఆరు దశాంశ స్థానాల దాకా వేస్తే పోతుంది.

లలిత_ఏఎల్ఎం

పోదు సుబ్బారావు గారూ. దశాంశాలు ఎన్ని పెంచినా అది అలాగే ఉంటుంది. దాని దిశ చూడండి. రేటు పెరిగినప్పుడు అంచనా 86.67, అసలు 86.58, అంటే అంచనా ఎక్కువ చెప్పింది. రేటు తగ్గినప్పుడు అంచనా 116.12, అసలు 116.22, ఇక్కడ తక్కువ చెప్పింది. రౌండింగ్ అయితే ఇలా క్రమంగా రాదు.

కారణం ఏమిటంటే, ఇందాక నేను వాలు ప్రతి 1 శాతానికీ 0.70 చొప్పున సమానంగా తగ్గుతుందన్నాను. నిజానికి అది సమానం కాదు. యీల్డ్ పెరిగే కొద్దీ కన్వెక్సిటీ కూడా చిన్నదవుతుంది. 8% దగ్గరికి వెళ్లి వాలును నేరుగా లెక్కగడితే 5.97 కాదు, 6.10 వస్తుంది. అంటే మనం అనుకున్నంతగా అది చదును కాలేదు, అందుకే ధర మన అంచనా కంటే కొంచెం ఎక్కువే పడింది. రేట్లు తగ్గే వైపు ఇదే తిరగబడుతుంది.

ఈ మిగులు తేడాకి ఒక గుర్తు ఉంది. కదలికను సగం చేస్తే అది దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. వంశీ గారూ, 1 శాతంతో చూసి చెప్పండి.

వంశీ_రిస్క్

7% దగ్గర అంచనా 92.9886, `PRICE` ఇచ్చింది 92.9764. తేడా 0.0122. 2% కదలికకు, అంటే 8% దగ్గర, తేడా 0.095. నిజంగానే దాదాపు ఎనిమిది రెట్లు!

లలిత_ఏఎల్ఎం

ఇది మీకు మంచి పరీక్ష. కదలిక రెట్టింపు చేస్తే మిగులు తేడా ఎనిమిది రెట్ల దగ్గర పెరిగితే డ్యూరేషన్, కన్వెక్సిటీ రెండూ సరైనవే. నాలుగు రెట్లే పెరిగితే కన్వెక్సిటీ భాగంలో ఏదో తప్పుంది. రెండు రెట్లే పెరిగితే డ్యూరేషన్ తప్పు. పాత షీట్‌లా రెండూ తప్పయితే ఏ క్రమమూ కనిపించదు. తప్పు ఎక్కడుందో వెతకడానికి నేను మొదట చేసే పని ఇదే.

అలాగే, చిన్న కదలికలకు కన్వెక్సిటీ గురించి ఎక్కువ మథనపడకండి. ఇదే బాండ్‌కి పావు శాతం కదలికకు డ్యూరేషన్ భాగం 1.84, కన్వెక్సిటీ భాగం 0.02. రోజువారీ కదలికలకు డ్యూరేషన్ చాలు. 2% లాంటి ఒత్తిడి పరీక్షలోనే కన్వెక్సిటీ లెక్కలోకి వస్తుంది.

దినకర్_డెస్క్

నేను ట్రేడింగ్ వైపు ఉంటాను. లలిత గారి లెక్కల్లో వంక పెట్టను, కానీ మూలం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. బాండ్ క్యాష్ ఫ్లోలు చేతిలో ఉన్నాయి, `PRICE` ఫంక్షన్ ఉంది. 8% పెట్టి నేరుగా ధర తీసుకోకుండా ఈ అంచనా ఎందుకు? 2% కదలికకు నేనైతే ప్రతి బాండ్‌నీ కొత్త యీల్డ్‌తో మళ్లీ ధర కడతాను. సగం మరచిపోయే ప్రమాదమూ ఉండదు, మిగులు తేడా గొడవా ఉండదు.

లలిత_ఏఎల్ఎం

దినకర్ గారూ, చేయగలిగితే అదే మంచిది, కాదనను. కానీ మా దగ్గర పోర్ట్‌ఫోలియోలో కొన్నిటికి పూర్తి క్యాష్ ఫ్లో వివరాలు ఉండవు, బయటి నుంచి డ్యూరేషన్, కన్వెక్సిటీ మాత్రమే వస్తాయి. పైగా రెండు సంఖ్యలుంటే పోర్ట్‌ఫోలియో మొత్తానికి మార్కెట్ విలువను బట్టి సగటు తీసి, ఏ స్థాయి కదలికకైనా నిమిషంలో జవాబు చెప్పొచ్చు. రిస్క్ ఎక్కడ ఉందో కూడా ఆ సంఖ్యల్లోనే కనిపిస్తుంది. మళ్లీ కట్టిన ధర నష్టం ఎంతో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు.

దినకర్_డెస్క్

ఆ చివరి మాట ఒప్పుకుంటాను. అయితే బయటి నుంచి వచ్చే కన్వెక్సిటీతో ఒక జాగ్రత్త. కొన్ని స్క్రీన్లు దాన్ని 100తో భాగించి చూపిస్తాయి. వంశీ గారి బాండ్‌కి 69.74 బదులు 0.697 అని ఉంటుంది. దాన్ని అలాగే ఫార్ములాలో పెడితే కన్వెక్సిటీ భాగం దాదాపు సున్నా అయిపోతుంది. ఎవరూ గమనించరు, ఎందుకంటే జవాబు వింతగా కనిపించదు, డ్యూరేషన్ ఒక్కటే వాడినట్టు వస్తుంది.

వంశీ_రిస్క్

దినకర్ గారూ, మీ మాట చూసి మా షీట్‌లో ఆరు నెలలకోసారి వడ్డీ ఇచ్చే బాండ్లు కూడా తెరిచాను. అవే వివరాలు, కూపన్ మాత్రం 3 చొప్పున ఏడాదికి రెండుసార్లు. అక్కడ కన్వెక్సిటీ 275.10 అని ఉంది! 2% పెరిగితే డ్యూరేషన్ వల్ల 14.88 తగ్గుదల, కన్వెక్సిటీ వల్ల 5.50 తిరిగి రావడం. మొత్తం తగ్గుదల 9.38 మాత్రమే అంటోంది. `PRICE` ప్రకారం 13.59. సగం వేశాకే ఈ సంఖ్య.

లలిత_ఏఎల్ఎం

అది ఆరు నెలల కాలాల్లో లెక్కగట్టిన కన్వెక్సిటీ. ఏడాది లెక్కలోకి తేవాలంటే డ్యూరేషన్‌ని 2తో భాగించాలి, కన్వెక్సిటీని 4తో భాగించాలి. `MDURATION` ఆ పని తనే చేసేస్తుంది, అందుకే మీ డ్యూరేషన్ సరిగ్గా ఉంది. చేత్తో రాసిన కన్వెక్సిటీకి ఎవరూ చేయలేదు. 275.10ని 4తో భాగిస్తే 68.77. అప్పుడు తగ్గుదల 13.50 వస్తుంది, అసలుకి 0.09 దూరం.

ఒక చిట్కా చెబుతాను. పదేళ్ల మామూలు బాండ్‌కి కన్వెక్సిటీ వందల్లో ఉంటే అనుమానించండి. ఒక్క చెల్లింపు మాత్రమే ఉండే పదేళ్ల జీరో కూపన్ బాండ్‌కే 6% దగ్గర 98 దాటదు. మధ్యలో కూపన్లు వచ్చే బాండ్‌కి అంతకంటే తక్కువే ఉండాలి.

ఫణి_కుమార్

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. నా దగ్గర ఒక బాండ్ ఉంది, కొన్నప్పుడు పదేళ్లది. దానికి మీరు చెప్పిన ఫార్ములా సరిగ్గా వేశాను, మోడిఫైడ్ డ్యూరేషనే, సగం కూడా పెట్టాను. రేట్లు 1% తగ్గాయి. దాదాపు 7 పైన పెరగాలి కదా, 4 మాత్రమే పెరిగింది. బ్రోకర్ ధర తక్కువ చూపిస్తున్నాడా?

సుబ్బారావు_ఎస్

ఫణి గారూ, అది కాలబుల్ బాండా? అంటే జారీ చేసినవాళ్లు మెచ్యూరిటీకి ముందే డబ్బు తిరిగిచ్చి రద్దు చేసుకునే హక్కు ఏదైనా ఉందా? పత్రంలో చూడండి.

ఫణి_కుమార్

ఉంది. మూడో ఏడాది నుంచి 100కే తిరిగి కొనుక్కోవచ్చని రాసి ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

లలిత_ఏఎల్ఎం

ఉన్న సంబంధమంతా అదే. సుబ్బారావు గారు సరైన చోట పట్టుకున్నారు. రేట్లు తగ్గితే జారీ చేసినవాళ్లు తక్కువ వడ్డీకి వేరే చోట అప్పు తెచ్చుకుని మీ బాండ్‌ని 100కి తీర్చేస్తారు. అది తెలిసిన కొనుగోలుదారు 108 ఎందుకు ఇస్తాడు? బ్రోకర్‌ని అనుమానించక్కర్లేదు.

మీరు వేసిన ఫార్ములా, రేటు ఎటు కదిలినా క్యాష్ ఫ్లోల మొత్తాలూ తేదీలూ మారవన్న ఊహ మీద నిలబడింది. మీ బాండ్‌లో రేటు మారితే క్యాష్ ఫ్లోలే మారిపోతాయి. ఇలాంటి వాటికి కాల్ హక్కును కూడా లెక్కలో పెట్టే మోడల్‌తో రేటు కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపి మూడు ధరలు తీసుకుంటారు, వాటి నుంచి సంఖ్యలు రాబడతారు:

```
MD = (P_down - P_up) / (2*P0*dy)
CX = (P_down + P_up - 2*P0) / (P0*dy^2)
```

ఉదాహరణకు ఇప్పుడు ధర 100, 1% తగ్గితే 104, 1% పెరిగితే 94.60 అని మోడల్ చెప్పిందనుకుందాం. డ్యూరేషన్ 4.70, కన్వెక్సిటీ మైనస్ 140. మైనస్ అంటే పెరిగేటప్పుడు 4, పడేటప్పుడు 5.40. మామూలు బాండ్‌కి సరిగ్గా తిరగబడ్డ స్వభావం. వంశీ గారి బాండ్‌ని ఇదే విధంగా చూస్తే 5% దగ్గర 107.72, 7% దగ్గర 92.98, అంటే డ్యూరేషన్ 7.37, కన్వెక్సిటీ 69.81. షీట్ సంఖ్యలకు పక్కనే ఉన్నాయి. చేత్తో రాసిన కన్వెక్సిటీ సెల్‌ని సరిచూడటానికి కూడా ఇది పనికొస్తుంది.

ఫణి_కుమార్

అర్థమైంది మేడమ్. అంటే రేట్లు ఇంకో 1% తగ్గినా నాకు ఇంకో 4 రాదన్నమాట.

లలిత_ఏఎల్ఎం

అంత రాదు. కాల్ తేదీ దగ్గరపడే కొద్దీ ఇంకా తగ్గుతుంది.

సుబ్బారావు_ఎస్

దీన్ని బట్టి ఒక నియమం చెప్పొచ్చు అనుకుంటాను. కన్వెక్సిటీ మైనస్‌లో ఉన్న బాండ్లకు దూరంగా ఉండాలి. ఒకే డ్యూరేషన్ ఉన్న రెండు పోర్ట్‌ఫోలియోల్లో కన్వెక్సిటీ ఎక్కువ ఉన్నదే ఎప్పుడూ మెరుగు, ఎందుకంటే రేట్లు ఎటు కదిలినా దానికి లాభమే.

దినకర్_డెస్క్

'ఎప్పుడూ' అనకండి సుబ్బారావు గారూ, అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక లెక్క చూడండి. మొదటి పోర్ట్‌ఫోలియోలో పదేళ్ల జీరో కూపన్ బాండ్ ఒక్కటే. రెండోదాంట్లో సగం డబ్బు 2 ఏళ్ల జీరోలో, సగం 18 ఏళ్ల జీరోలో. అన్నీ 6% యీల్డ్ దగ్గరే. రెండింటి మోడిఫైడ్ డ్యూరేషన్ ఒకటే, 9.43. కన్వెక్సిటీ మొదటిదానికి 97.9, రెండోదానికి 154.9. అన్ని రేట్లూ కలిసి 1% కదిలితే, పైకైనా కిందికైనా, రెండోది సుమారు 0.28 శాతం మెరుగ్గా ఉంటుంది. మీరు చెప్పింది ఇంతవరకు నిజం.

ఇప్పుడు 2 ఏళ్ల రేటు అర శాతం తగ్గి, 18 ఏళ్ల రేటు అర శాతం పెరిగిందనుకోండి. పదేళ్ల రేటు కదల్లేదు. మొదటి పోర్ట్‌ఫోలియోకి ఏమీ కాలేదు. రెండోదాంట్లో చిన్న బాండ్ 0.95 శాతం పెరిగింది, పెద్ద బాండ్ 8.12 శాతం పడింది. మొత్తం మీద 3.59 శాతం నష్టం. కన్వెక్సిటీ ఎక్కువ ఉన్నదే పోయింది. డ్యూరేషన్, కన్వెక్సిటీ రెండూ ఒకే ఊహ మీద నడుస్తాయి: అన్ని కాలాల రేట్లూ ఒకేసారి, ఒకే మేరకు కదులుతాయని. పైగా మార్కెట్ కన్వెక్సిటీని ఊరికే ఇవ్వదు. ఎక్కువ కన్వెక్సిటీ ఉన్నదానికి సాధారణంగా కొంత యీల్డ్ వదులుకోవాలి.

లలిత_ఏఎల్ఎం

మంచి ఉదాహరణ. 1952లో బ్రిటిష్ ఆక్చువరీ రెడింగ్టన్ బీమా సంస్థల కోసం ఆస్తులు, అప్పుల డ్యూరేషన్ సమానం చేసి, ఆస్తుల కన్వెక్సిటీ ఎక్కువగా ఉంచాలని చెప్పినప్పటి నుంచీ ఈ ఊహ మీద అభ్యంతరం ఉంది. కానీ దినకర్ గారూ, మీ ఉదాహరణలో నష్టం కన్వెక్సిటీ వల్ల రాలేదు. 18 ఏళ్ల దగ్గర పెద్ద రిస్క్, 2 ఏళ్ల దగ్గర చిన్న రిస్క్ ఉంది, ఆ పంపకం వల్ల వచ్చింది. దాన్ని ఒక్క సంఖ్యలో దాచేస్తే కనిపించదు, అంతే.

దినకర్_డెస్క్

నేననేదీ అదే. ఒక్క సంఖ్య పంపితే దాన్ని దాచినట్టే. వంశీ గారి రిపోర్టులో 2% సమాంతర కదలిక ఒక్కటే ఉంటే, ఫార్ములా ఎంత సరిగ్గా ఉన్నా అది సగం రిపోర్టే. 0.09 తేడా కోసం ఇంత శ్రమ పడి, 3.59 రాగల చోటును వదిలేయడం నాకు సమంజసంగా లేదు.

వంశీ_రిస్క్

ఈరోజు షీట్‌లో మూడు మార్పులు చేశాను. `MDURATION` పెట్టాను, సగం చేర్చాను, ఆరు నెలల బాండ్లకు 4తో భాగహారం పెట్టాను. ప్రతి బాండ్‌కీ 1%, 2%, పైకి, కిందికి నాలుగు ధరలు కట్టి, మిగులు తేడా ఎనిమిది రెట్ల దగ్గర ఉందో లేదో చూసే వరస కూడా చేర్చాను. మూడు బాండ్లు ఆ పరీక్షలో తప్పాయి. ఫణి గారి కేసు గుర్తొచ్చి పత్రాలు తెరిస్తే రెండింటికి కాల్ హక్కు ఉంది. మూడోది ఏమిటో ఇంకా తెలియలేదు.

దినకర్ గారు చెప్పింది కూడా చేయాలనుకుంటున్నాను. రేట్లను కాలాల వారీగా విడగొట్టి ఒక్కోదాన్నీ విడిగా కదపాలంటే ఎన్ని భాగాలు చాలు?

లలిత_ఏఎల్ఎం

మొదలు పెట్టడానికి 2, 5, 10, 30 ఏళ్లు చాలు. ఎక్కువ పెడితే మీ సీనియర్ చదవరు. విడిగా వచ్చిన డ్యూరేషన్లన్నీ కూడితే మొత్తం డ్యూరేషన్ రావాలి, అది తప్పక సరిచూడండి.

దినకర్_డెస్క్

నాలుగు చాలవు. 10కీ 30కీ మధ్య ఏమీ పెట్టకపోతే నా ఉదాహరణలోని 18 ఏళ్ల బాండ్ రిస్క్ రెండు వైపులకీ పంచబడి అసలు చోటు కనిపించదు. కనీసం 15, 20 చేర్చండి.

లలిత_ఏఎల్ఎం

పోర్ట్‌ఫోలియోలో ఆ మధ్య నిజంగా బాండ్లుంటేనే. వంశీ గారూ, ముందు మీ బాండ్ల మెచ్యూరిటీలు ఏ ఏడాదిలో ఎంత విలువ ఉన్నాయో పెట్టండి, అది చూడకుండా మేమిద్దరం వాదించుకోవడంలో అర్థం లేదు. ఆ మూడో బాండ్ కూపన్ స్థిరమా, రేటుతో పాటు మారేదా అన్నది కూడా చూసి చెప్పండి.